ముసలి పిల్లి రిపోర్టులో నాలుగు అంకెలు

పదేళ్లు దాటిన పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతోందనీ, ఒళ్లు తీసేసిందనీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మర్నాటికి ఒక కాగితం చేతికొస్తుంది. అందులో క్రియాటినిన్, యూరియా, మూత్రం చిక్కదనం ఉంటాయి. బీపీ చూసే పరికరం ఉన్న క్లినిక్ అయితే బీపీ కూడా ఉంటుంది. ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఏ స్టేజి, డాక్టరుగారూ?" కాగితం మీద కళ్లు తిప్పి అప్పటికప్పుడే జవాబు చెప్పేవాళ్లు చాలామంది. ఆ జవాబు తప్పయ్యేది కూడా చాలాసార్లే. అంకెలు తప్పు కావు. పిల్లి ఒంట్లో నీరు లేని రోజున, కక్కుకుంటున్న రోజున, భయంతో బిగుసుకుపోయిన రోజున తీసిన అంకెలతో స్టేజి కట్టడమే తప్పు.

ఇప్పుడు పశువైద్యులు ఎక్కువగా అనుసరిస్తున్న పద్ధతి ఐరిస్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందానిది. 1998లో ఏర్పడిన ఈ బృందం కుక్కలకూ పిల్లులకూ కిడ్నీ జబ్బు స్టేజీలను నిర్ణయించి, ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తోంది. పిల్లికి నాలుగు స్టేజీలు. డెసిలీటరు రక్తంలో క్రియాటినిన్ 1.6 మిల్లీగ్రాముల లోపు ఉంటే మొదటిది, 1.6 నుంచి 2.8 దాకా రెండోది, 2.9 నుంచి 5.0 దాకా మూడోది, అది దాటితే నాలుగోది. ఆ స్టేజి పక్కనే మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో, బీపీ ఎంతుందో ఉపస్టేజీలుగా రాస్తారు. అంతే. యూరియా ఈ పట్టికలో ఎక్కడా లేదు. మూత్రం చిక్కదనమూ లేదు. రిపోర్టులో ఎర్రగా కనబడి ఇంట్లోవాళ్లను ఎక్కువ బెదరగొట్టేది యూరియాయే. దానికి స్టేజి విషయంలో ఓటు హక్కు లేదంటే చాలామంది నమ్మరు. అలాంటప్పుడు ఈ రెండూ ఎందుకు చూడాలి? క్రియాటినిన్ చెప్పేది నమ్మవచ్చో లేదో తేల్చడానికి.

ముందు క్రియాటినిన్ సంగతి. కండరంలో ఉండే క్రియాటిన్ నుంచి ఇది రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో పుడుతుంది. కిడ్నీ దాన్ని వడకట్టి బయటికి పంపుతుంది. వడపోత సగానికి పడిపోతే రక్తంలో క్రియాటినిన్ సుమారు రెట్టింపవుతుంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో 0.8 ఉన్న పిల్లి వడపోత సగం పోగొట్టుకుంటే రిపోర్టులో 1.6 కనిపిస్తుంది. పశువుల ల్యాబుల్లో 'నార్మల్' హద్దు 2.4 దాకా ఉండటం మామూలే. కాబట్టి సగం కిడ్నీ పోయినా ఆ కాగితం మీద ఎర్ర గుర్తు పడదు. మన ఊళ్లలో చాలాచోట్ల పిల్లి రక్తం కూడా మనుషుల ల్యాబుకే వెళ్తుంది. అక్కడ ఇబ్బంది తలకిందులుగా ఉంటుంది. మనుషుల హద్దు 1.2 దగ్గరే ఆగిపోతుంది కనక, నిక్షేపంలాంటి పిల్లికి 1.5 వచ్చినా ఎక్కువని అచ్చు వేసేస్తారు. ల్యాబు వేసిన గుర్తును పక్కన పెట్టి అంకెను మాత్రమే చదవాలి. అదే పిల్లికి రెండు మూడేళ్ల కిందటి రిపోర్టు దొరికితే దానంత మంచి హద్దు ఇంకొకటి లేదు. 1.0 నుంచి 1.5కి వచ్చిన పిల్లి పిల్లుల పట్టిక ఏది చూసినా నార్మలే, కానీ దాని కిడ్నీ వడపోతలో మూడో వంతు పోయి ఉండవచ్చు.

ఇంకో సంగతి, స్టేజి చెప్పేముందు జబ్బు ఉందని తేలాలి. 1.8 కనిపించగానే రెండో స్టేజి అనేస్తే, దిట్టంగా కండపట్టిన మగపిల్లులన్నీ కిడ్నీ రోగుల లెక్కలోకి వచ్చేస్తాయి. బర్మన్ లాంటి కొన్ని జాతుల్లో పుట్టుకతోనే ఈ అంకె కొంచెం ఎక్కువగా ఉంటుంది. ముసలి పిల్లిలో దీనికి వ్యతిరేకం. వయసుతో కండ కరిగిపోతుంది, కండ కరిగితే క్రియాటినిన్ పుట్టడమే తగ్గుతుంది, కిడ్నీ ఎంత చెడినా అంకె మాత్రం నెమ్మదిగా కనిపిస్తుంది. థైరాయిడ్ ఎక్కువైన పిల్లిలో ఈ దాపరికం మరీ ఎక్కువ. ఆ జబ్బు కండను తినేస్తుంది, కిడ్నీకి రక్తం పారే జోరునూ పెంచుతుంది. థైరాయిడ్‌కి మందు వేసి నిలకడకు తెచ్చాక అసలు కిడ్నీ జబ్బు బయటపడటం ఈ వృత్తిలో అందరికీ అనుభవమే. అందుకే బక్కచిక్కిన ముసలి పిల్లికి టీ4 పరీక్ష చేయకుండా స్టేజి రాయడం నాకు నచ్చదు.

మూత్రం చిక్కదనం ఇక్కడే పనికొస్తుంది. ఎడారి పిల్లుల వంశం కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఒంట్లో నీటిని గట్టిగా పట్టి ఉంచి, చిక్కటి మూత్రం పోస్తుంది. రిఫ్రాక్టోమీటరు అనే చిన్న గాజు పరికరం మీద ఒక చుక్క వేసి వెలుతురులో చూస్తే స్పెసిఫిక్ గ్రావిటీ కనిపిస్తుంది. నీటికి అది 1.000. పిల్లికి 1.035 దాటాలి. 1.008 నుంచి 1.012 మధ్య ఉంటే, కిడ్నీ దాన్ని చిక్కబరచనూ లేదు, పలచబరచనూ లేదు, వచ్చిన ద్రవాన్ని వచ్చినట్టే వదిలేసిందన్నమాట. క్రియాటినిన్ 2.5 ఉండి మూత్రం 1.050 ఉంటే ముందు ఒంట్లో నీరు తగ్గిందేమో చూడాలి, కిడ్నీ తన పని తాను చేస్తున్నట్టే లెక్క. అదే 2.5తో మూత్రం 1.016 ఉంటే నింద కిడ్నీ మీదికి పోతుంది. రెండువైపులా మినహాయింపులున్నాయి. తడి తిండి తినే పిల్లికి ఒక పూట 1.030 వచ్చినంత మాత్రాన జబ్బు కాదు, మళ్లీ చూడాలి. కిడ్నీ జబ్బు ఉండి కూడా 1.035 పైన పోసే పిల్లులు కొన్ని ఉంటాయి. చక్కెర జబ్బు, మూత్రం ఎక్కువ చేసే మందులు, థైరాయిడ్ కూడా మూత్రాన్ని పలచబరుస్తాయి.

ఈ అంకె ఎక్కువసార్లు చెడేది పద్ధతి తప్పడం వల్లే. పిల్లి నీరసంగా వస్తుంది, సిబ్బంది వెంటనే సెలైన్ ఎక్కిస్తారు, సాయంత్రం అది మూత్రం పోస్తే పట్టి పరీక్షకు పంపుతారు. ఆ మూత్రం ఎటూ పలచగానే ఉంటుంది, ఎందుకంటే అందులో ఉన్నది సెలైనే. సూది పెట్టేముందే మూత్రం తీసుకోవాలి. పొట్ట మీదినుంచి సన్నటి సూదితో మూత్రాశయంలోంచి నేరుగా తీయడం మేలైన పద్ధతి, ఇన్ఫెక్షన్ ఉందేమో కల్చర్ చేయడానికీ అదే పనికొస్తుంది. ఇంట్లో పట్టాలంటే లిట్టర్ బదులు నీరు పీల్చని ప్లాస్టిక్ పూసలు గానీ కడిగి ఆరబెట్టిన అక్వేరియం గులకరాళ్లు గానీ ట్రేలో పోసి, దిగువన చేరినదాన్ని సిరంజితో లాగవచ్చు. చిక్కదనానికి ఆ నమూనా చాలు. మూత్రంలో ముంచే రంగు పట్టీల మీద కూడా స్పెసిఫిక్ గ్రావిటీ గడి ఒకటి ఉంటుంది. అది మనుషుల కోసం చేసింది, పిల్లికి దాన్ని చదవనే కూడదు. రిపోర్టులో 1.015, 1.020, 1.025 అంటూ ఐదేసి మెట్ల అంకెలే కనిపిస్తే ఆ పట్టీ చూసి రాశారేమోనని అనుమానించాలి.

యూరియాది వేరే కథ. ప్రోటీన్ జీర్ణమయ్యాక కాలేయం తయారుచేసే వ్యర్థం అది. కిడ్నీ దాన్ని వడకట్టాక కొంత భాగాన్ని వెనక్కి పీల్చుకుంటుంది, ఒంట్లో నీరు తగ్గితే ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. కాబట్టి రాత్రి చికెన్ తిన్నా, కడుపులో పుండునుంచి రక్తం కారినా, నీరు తగ్గినా యూరియా పెరుగుతుంది. కాలేయం దెబ్బతిన్నా, తిండి మానేసినా తగ్గుతుంది. ఇన్ని దారుల్లో కదిలే అంకె మీద స్టేజి నిలబెట్టలేం. అయినా చూడాల్సిందే. క్రియాటినిన్ కొద్దిగా పెరిగి యూరియా ఆకాశాన్నంటితే కడుపులో రక్తస్రావమో, నీటి లోటో వెతకాలి. పిల్లికి వికారం, అన్నం సహించకపోవడం ఎంత ఉండొచ్చో అంచనా వేయడానికీ యూరియా పనికొస్తుంది.

యూరియా దగ్గర మన దేశంలో ఒక తిరకాసు ఉంది. కొన్ని ల్యాబులు యూరియా అని రాస్తాయి, కొన్ని బీయూఎన్ అని రాస్తాయి. రెండోది యూరియాలోని నైట్రోజన్ మాత్రమే. బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. పోయిన నెల ఒక ల్యాబులో బీయూఎన్ 42, ఈ నెల ఇంకో ల్యాబులో యూరియా 90 వస్తే జబ్బు రెట్టింపయిందని ఏడ్చిన ఇళ్లున్నాయి. ఆ రెండూ ఒకటే. బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇలాంటి చిక్కే క్రియాటినిన్ దగ్గర ఎదురవుతుంది. అక్కడ మైక్రోమోళ్లలో 230 అని వస్తుంది, దాన్ని 88.4తో భాగిస్తే మన 2.6.

ఇక ఒక పిల్లిని తీసుకుని లెక్క కడదాం. అంకెలు నేను కల్పించినవే, ఇలాంటి పిల్లి మాత్రం ప్రతి క్లినిక్‌లోనూ ఉంటుంది. 14 ఏళ్ల ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. పోయినేడాది 4.1 కిలోలు, ఇప్పుడు 3.2. కొన్ని నెలలుగా గిన్నె దగ్గరే కూర్చుని నీళ్లు తాగుతోంది, మూడు రోజులుగా కక్కుతోంది. చిగుళ్లు చేతికి జిగురుగా తగులుతున్నాయి, మెడ మీద చర్మం లాగి వదిలితే వెంటనే పడటం లేదు. క్రియాటినిన్ 3.4, యూరియా 150, సెలైన్‌కు ముందే తీసిన మూత్రం 1.017, అందులో చక్కెర లేదు. బీపీ 190.

పట్టిక చూస్తే మూడో స్టేజి. కానీ ఈ రోజు స్టేజి రాయకూడదు. ఈ రోజు చెప్పగలిగింది రెండు మాటలే. ఒంట్లో నీరు ఇంతగా తగ్గిన పిల్లి మూత్రం 1.040 దాటి ఉండాలి, 1.017 ఉందంటే కిడ్నీలోనే లోపం ఉంది. బరువు ఏడాదిగా తగ్గడం, దాహం నెలలుగా ఉండటం, అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు చిన్నవై గతుకులుగా కనిపించడం చూస్తే ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. ఇవి లేకుండా ఉన్నట్టుండి అంకె పెరిగి ఉంటే, విషం తినిందా, మూత్రనాళంలో రాయి అడ్డుపడిందా, నొప్పికి ఇచ్చిన మందు దెబ్బతీసిందా అని వెతకాల్సి ఉండేది. హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీకి ఈ స్టేజీలు వర్తించవు. ఈ 3.4లో నిజంగా కిడ్నీ వాటా ఎంత, నీటి లోటు వాటా ఎంత అన్నది నీరు పూర్తిగా అందాకే తెలుస్తుంది. ఐరిస్ అడిగేదీ అదే: నీరు సరిపడా ఉండి, నిలకడగా ఉన్న పిల్లికి, పరగడుపున, కనీసం రెండుసార్లు తీసిన క్రియాటినిన్.

బీపీ 190 అంటే పట్టిక ప్రకారం తీవ్రం. పై అంకె 140 లోపు మామూలు, 140 నుంచి 159 దాకా సరిహద్దు, 160 నుంచి 179 దాకా అధికం, 180 ఆపైన తీవ్రం. అయితే బుట్టలో కుదుపులు తిని, పక్క గదిలో కుక్కల అరుపులు వింటూ వచ్చిన పిల్లికి భయంతోనే ఇరవై ముప్ఫై పెరగడం మామూలు. ఇక్కడ తేల్చాల్సింది పిల్లి కళ్లు. కంటి వెనక రెటీనా పొర ఊడిందా, రక్తం చిందిందా అని చూడాలి. కంటిపాపలు పెద్దవై, వెలుతురులో కూడా చిన్నవి కాకపోతే, సామాన్లకు ఢీకొంటుంటే రెండో కొలత కోసం ఆగకుండా ఆ రోజే మందు మొదలుపెట్టాలి. మన పిల్లి కళ్లు బాగానే ఉన్నాయి. కాబట్టి ఒకటి రెండు వారాల్లో మళ్లీ కొలవవచ్చు.

కొలిచే తీరు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నాలుగు అంకెల్లో చెడగొట్టడం తేలికైనది ఇదే. రక్తం తీయకముందు, థర్మామీటరు పెట్టకముందు బీపీ చూడాలి. చప్పుడు లేని గదిలో, యజమాని పక్కన ఉండగా, బుట్ట తలుపు తీసి 5 నుంచి 10 నిమిషాలు వదిలేయాలి. కఫ్ వెడల్పు కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. చుట్టుకొలత 7 సెంటీమీటర్లయితే కఫ్ సుమారు 2.5 సెంటీమీటర్లది కావాలి. అంతకన్నా సన్నది కడితే అంకె లేనిపోనిదిగా పెరుగుతుంది, వెడల్పుది కడితే తగ్గుతుంది. కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. మొదటి కొలత వదిలేసి, తర్వాతి ఐదారింటి సగటు తీయాలి. డాప్లర్ వాడేవాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ బుసబుస శబ్దానికి పిల్లి బెదరదు. బీపీ ఒక్కసారి చూసి రాసిన రిపోర్టును నేను లెక్కలోకి తీసుకోను.

వారం తిరిగేసరికి అలా కొలిస్తే 178. మూడు వారాలకు కక్కు ఆగి, బరువు 3.4కి వచ్చి, తిండి తింటున్న పిల్లికి పరగడుపున క్రియాటినిన్ 2.6, యూరియా 90, మూత్రం 1.016, బీపీ 176. మూత్రం కల్చర్‌లో ఏమీ పెరగలేదు. టీ4 మామూలుగా ఉంది. ప్రోటీన్ కోసం చేసే యూపీసీ 0.3. దానికి 0.2 లోపు మామూలు, 0.4 దాటితే ప్రోటీన్ పోతున్నట్టు, మధ్యది సరిహద్దు. ఇంకో రెండు వారాలకు క్రియాటినిన్ 2.7, యూపీసీ మళ్లీ 0.3, బీపీ 174. మొదటి రోజు 3.4లో నీటి లోటు వాటా ఎంతో ఇప్పుడు తెలిసింది. ఇక రాయవచ్చు: రెండో స్టేజి, ప్రోటీన్ సరిహద్దులో, బీపీ అధికం.

అయినా నాకు ఒక సందేహం మిగిలే ఉంటుంది. ఈ పిల్లి వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి, తొడల్లో కండ లేదు. కండలేని ఒంట్లో 2.7 అంటే, కండ ఉన్నప్పుడు ఎంత ఉండేది? దీనికోసమే ఎస్‌డీఎంఏ అనే రక్తపరీక్ష వచ్చింది. కండతో దీనికి పెద్దగా సంబంధం లేదు. రెండో స్టేజికి ఇది 18 నుంచి 25, మూడోదానికి 26 నుంచి 38. క్రియాటినిన్ రెండో స్టేజిలో ఉండి ఎస్‌డీఎంఏ నిలకడగా 25 దాటి ఉంటే మూడో స్టేజిగానే చూడమంటుంది ఐరిస్. మన పిల్లికి పంపితే 28, మరోసారి 29 వచ్చిందనుకుందాం. అప్పుడు రాయాల్సింది మూడో స్టేజి. తొలిరోజు తొందరపడి చెప్పినవాళ్ల మాటే చివరికి నిలిచినట్టు కనిపిస్తుంది గానీ, వాళ్లు చూసింది నీటి లోటును, ఇది చూసింది కండ వెనక దాగిన కిడ్నీని. అదే పిల్లి కండతో ఉండి ఎస్‌డీఎంఏ 20 వచ్చి ఉంటే వాళ్ల మాట తప్పయ్యేది. ఎస్‌డీఎంఏ దొరకని ఊళ్లో అయితే 'రెండో స్టేజి, కండ క్షీణించింది, మూడోది కావచ్చు' అని రాసిపెట్టడం నిజాయితీ.

స్టేజి మారితే వైద్యం ఎంత మారుతుంది? ఈ పిల్లి విషయంలో పెద్దగా మారదు. కిడ్నీ ఆహారం రెండో స్టేజి నుంచే మొదలుపెడతారు. ఫాస్ఫరస్‌ను రెండో స్టేజిలో 4.6 లోపు, మూడోదానిలో 5.0 లోపు ఉంచాలంటారు. దీనికి 5.6 ఉంది కాబట్టి ఏ స్టేజి అన్నా తగ్గించాల్సిందే. ఐదు వారాలుగా 170 పైనే ఉన్న బీపీకి స్టేజితో సంబంధం లేకుండా మందు కావాలి. సాధారణంగా రోజుకు 0.625 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్‌తో మొదలుపెడతారు. మనుషుల మందుల షాపులో దొరికే 2.5 మాత్రలో నాలుగోవంతు అది. 5 మిల్లీగ్రాముల మాత్ర తెచ్చి నాలుగు ముక్కలు చేస్తే మోతాదు రెట్టింపవుతుంది, చీటీ మీదా డబ్బా మీదా అంకె సరిచూసుకోవాలి.

ఇంట్లోవాళ్లు స్టేజి అడిగేది అసలు ఎన్నాళ్లు బతుకుతుందో తెలుసుకోవడానికి. 2008లో అచ్చయిన ఒక పరిశీలన తరచూ ప్రస్తావనకు వస్తుంది. 211 పిల్లులను గమనిస్తే, రెండో స్టేజి పై భాగంలో, అంటే క్రియాటినిన్ 2.3 దాటి ఉన్నవి మధ్యస్థంగా 1,151 రోజులు, మూడో స్టేజివి 778 రోజులు, నాలుగోవి 103 రోజులు బతికాయి. వరస సవ్యంగానే ఉంది. కానీ రెండో స్టేజిలో రెండు రోజులకే పోయినది ఉంది, నాలుగో స్టేజిలో అయిదేళ్లు దాటి బతికినది ఉంది. ఒక్క పిల్లి గురించి ఈ సగటుతో మాట ఇవ్వలేం. ఆయుష్షు విషయంలో మూత్రంలో పోయే ప్రోటీన్ బీపీ కన్నా గట్టి సూచన అని 2006, 2007లో వచ్చిన పరిశీలనలు చూపాయి. బీపీ అదుపులోకి వచ్చినంత మాత్రాన ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. అది చూపునూ మెదడునూ గుండెనూ కాపాడుతుంది, అందుకోసమే ఆ మందు.

మందు మొదలుపెట్టిన పది రోజులకు మన పిల్లి బీపీ 148, క్రియాటినిన్ 2.8. బీపీ 160 లోపుకు రావాలి, 120 కన్నా దిగకూడదు, కాబట్టి మోతాదు మార్చనక్కర్లేదు. క్రియాటినిన్‌లో 0.1 తేడా ఒకే నమూనాను యంత్రంలో రెండుసార్లు పెట్టినా రావచ్చు, దాన్ని జబ్బు ముదిరినట్టుగా చదవకూడదు. తర్వాతి పరీక్ష మూడు నెలలకు, అదే ల్యాబులో, పరగడుపున. ఆ రోజు కాగితం మీద క్రియాటినిన్ పక్కన బరువు కూడా రాయించాలి. 2.8 అలాగే ఉండి బరువు 3.4 నుంచి 3.0కి దిగితే కిడ్నీ నిలకడగా ఉందనుకోకుండా ఎస్‌డీఎంఏ మళ్లీ పంపాలి.